40 డిగ్రీల బాత్‌లో థర్మోకపుల్ ఎందుకు తప్పుతుంది, ప్లాటినం ప్రోబ్ ఎందుకు నిలబడుతుంది

ప్రశ్న: అన్నా, కడపలో ఒక ఆయిల్ టెస్టింగ్ ల్యాబ్‌లో చేస్తా ఉన్నా. విస్కాసిటీ బాత్‌ని 40 డిగ్రీల దగ్గర పెట్టి కె-టైప్ థర్మోకపుల్‌తో చూస్తాం. ఒకే ఆయిల్ శాంపిల్‌కి పొద్దున ఒక రిజల్టు, మధ్యాహ్నం ఇంకో రిజల్టు వస్తా ఉంది. ఆడిటర్ వచ్చి పీఆర్‌టీ, అంటే ప్లాటినం రెసిస్టెన్స్ థర్మామీటర్ పెట్టుకోండి అన్నాడు. థర్మోకపుల్‌నే మంచిగా క్యాలిబ్రేట్ చేయించి వాడుకుంటే సరిపోదా? అసలు తేడా ఏంది?

జవాబు:

సరిపోదు తమ్ముడూ. ఎందుకు సరిపోదో నువ్వే రాసినావు, పొద్దున ఒకటి మధ్యాహ్నం ఒకటి అని. ఆ మాట దగ్గరే మొదలుపెడతా, ఎందుకంటే నీ బాత్ బాగానే ఉండొచ్చు, మారేది బాత్ కాదు, మీ రూము.

థర్మోకపుల్ అనేది టెంపరేచర్‌ని కొలవదప్పా, రెండు చోట్ల టెంపరేచర్ల మధ్య తేడాని కొలుస్తుంది. ఒక కొస బాత్‌లో ఉంటుంది, రెండో కొస నువ్వు ఇండికేటర్‌లో గుచ్చిన ప్లగ్గు దగ్గర ఉంటుంది, దాన్నే కోల్డ్ జంక్షన్ అంటాం. వైరులో పుట్టే వోల్టేజీ ఈ రెండిటి తేడాకి తగ్గట్టు ఉంటుంది, అంతే. మరి ఇండికేటర్ 40 అని ఎట్లా చూపిస్తాది అంటే, ప్లగ్గు దగ్గర లోపల ఇంకో చిన్న సెన్సార్ ఉంటుంది, అది టెర్మినల్ ఎంత వేడిగా ఉందో చూసి ఆ లెక్క కలిపేస్తుంది.

ఇప్పుడు మీ ల్యాబ్ లెక్క వేద్దాం. పొద్దున ఏసీ వేసినప్పుడు రూము 27 డిగ్రీలు ఉందనుకో. కె-టైప్ టేబుల్‌లో 40 డిగ్రీలకి 1.612 మిల్లీవోల్టు, 27కి 1.081. అంటే నీ వైరు నుంచి ఇండికేటర్‌కి చేరేది 0.531 మిల్లీవోల్టు, బాత్‌కీ రూముకీ ఉన్న 13 డిగ్రీల తేడా అది. మిగిలిన 27 డిగ్రీలు చెప్పింది లోపలి ఆ చిన్న సెన్సార్. ఇంక మధ్యాహ్నం కరెంటు పోయింది, ఏసీ ఆగింది, కడప ఎండ సంగతి నీకు నేను చెప్పేదేముంది, రూము 38కి పోయింది. 38 డిగ్రీలకి టేబుల్‌లో 1.530. ఇప్పుడు వైరులో మిగిలింది 0.082 మిల్లీవోల్టు, అంటే 82 మైక్రోవోల్టులు మాత్రమే. నీ ఇండికేటర్ చూపించే 40 డిగ్రీలలో 2 డిగ్రీలు మాత్రం థర్మోకపుల్ చెప్పినవి, 38 డిగ్రీలు డబ్బా లోపల ఉన్న, నువ్వు ఎప్పుడూ చూడని సెన్సార్ చెప్పినవి. నువ్వు కొలుస్తా ఉండేది బాత్‌నా, ఇండికేటర్ డబ్బానా అంటే, నిజానికి డబ్బానే.

ఆ సెన్సార్ ఏమన్నా తక్కువదా అంటే దాని పనికి అది మంచిదే, కానీ అది ప్లగ్గు లోపలి మెటల్‌ని తాకి ఉండదు, కొంచెం పక్కన బోర్డు మీద ఉంటుంది. ప్లగ్గుకీ ఆ బోర్డుకీ అర డిగ్రీ తేడా రావడం అనేది మామూలు విషయం. ఏసీ గాలి ఒక పక్క తగిలినా, డబ్బాలో పవర్ సప్లై వేడెక్కినా, పక్కన హాట్ ప్లేట్ ఉన్నా ఆ తేడా మారిపోతా ఉంటుంది, ఆ తేడా ఎంతుంటే అంత నేరుగా నీ రీడింగులోకి వచ్చి పడుతుంది.

నమ్మకం కుదరకపోతే రేపు ఇది చేసి చూడు. బాత్ సెటిల్ అయినాక, కదిలించకుండా, థర్మోకపుల్ ప్లగ్గుని గుప్పిట్లో ఒక నిమిషం గట్టిగా పట్టుకో. రీడింగు కిందికి జారుతుంది, ఎందుకంటే చేతి వేడికి ప్లగ్గు వేడెక్కింది, వైరులో తేడా తగ్గింది, లోపలి సెన్సార్‌కి ఆ సంగతి ఇంకా తెలీదు. చెయ్యి తీసేస్తే మెల్లగా వెనక్కి వస్తుంది. బాత్‌లో ఏమీ మారలేదు, నువ్వు పట్టుకున్నది బాత్‌కి మీటరు దూరంలో ఉన్న ప్లాస్టిక్ ప్లగ్గు. నా దగ్గర పనిచేసే పిల్లలకి మొదటి రోజే ఇది చూపిస్తా, ఆ తర్వాత వాళ్ళకి ఇంకేం చెప్పనక్కర్లేదు.

మీ పనికి ఎంత కావాలో కూడా చూడు. విస్కాసిటీ కొలిచే ఏఎస్‌టీఎం డి445 పద్ధతి ప్రకారం చేస్తా ఉంటే బాత్ టెంపరేచర్ ±0.02 డిగ్రీ లోపల ఉండాలి. కె-టైప్‌లో ఒక డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు, కాబట్టి 0.02 డిగ్రీ అంటే 0.8 మైక్రోవోల్టు. టెర్మినల్ స్క్రూ ఇత్తడిది, వైరు ఇంకో మెటల్, ఒక స్క్రూ ఇంకో స్క్రూ కంటే కొంచెం వేడి, ఇట్లాంటివాటికే ఒకటి రెండు మైక్రోవోల్టులు ఊరికే పుట్టుకొస్తాయి. అంటే నువ్వు వెతికే సంఖ్య కంటే చెత్తే ఎక్కువ. దానికితోడు కె-టైప్ వైరు కొనేటప్పుడే క్లాస్ 1 అంటే ±1.5 డిగ్రీ అని ఇస్తారు, అది వేరే.

ఇంక నీ అసలు ప్రశ్న, క్యాలిబ్రేట్ చేయిస్తే? సర్టిఫికెట్‌లో 40 దగ్గర కరెక్షన్ +0.3 అని రాసిస్తారు అనుకో. ఆ +0.3 అనేది ఆ రోజు, ఆ ల్యాబ్ రూము 23 డిగ్రీలు ఉన్నప్పుడు, వాళ్ళ ఇండికేటర్‌తోనో నీ ఇండికేటర్‌తోనో, ఆ ప్లగ్గు చుట్టూ ఉన్న గాలిలో వచ్చిన సంఖ్య. కడపలో నీ టేబుల్ మీద 38 డిగ్రీల రూములో దానికి విలువ లేదు. కోల్డ్ జంక్షన్‌ని ఐస్ ఫ్లాస్కులో పెట్టి మంచి వోల్ట్‌మీటర్‌తో చూస్తే చాలావరకు బాగుపడుతుంది, కాదనను, టి-టైప్ వైరుతో అట్లా చేసి 0.1 డిగ్రీ దాకా పోవచ్చు. కానీ రోజూ ఐస్ కొట్టుకుంటా కూర్చోవడానికి నీకు టైము ఉంటుందా, అంత చేసినా 0.02 రాదు.

ఇందులో ఇంకో లోతైన సంగతి ఉంది. చాలామంది థర్మోకపుల్ వోల్టేజీ కొసన ఉన్న ఆ వెల్డింగ్ ముత్యంలో పుడుతుంది అనుకుంటారు. కాదు. వేడి నుంచి చల్లకి మారే చోట వైరు పొడుగునా పుడుతుంది, అంటే నీ బాత్ మూత దగ్గర, నీళ్ళ మట్టం పైన ఉన్న నాలుగు అంగుళాల వైరులో. ఆ ముక్కలో వైరు మెలికపడినా, ఒకప్పుడు ఫర్నేస్‌లో కాలి ఉన్నా, అక్కడి అలాయ్ గుణం మారిపోయి వోల్టేజీ మారుతుంది. అందుకే కాలిన థర్మోకపుల్‌ని లోతు మార్చి ముంచితే రీడింగు కూడా మారుతుంది. మీ 40 డిగ్రీల బాత్‌లో తేడానే 13 డిగ్రీలు కాబట్టి ఈ తప్పు చిన్నగానే ఉంటుంది, కానీ అదే థర్మోకపుల్‌ని మఫిల్ ఫర్నేస్‌లో వాడి తెచ్చి ఇక్కడ పెడితే, లేకపోతే 400 డిగ్రీల పనికి క్యాలిబ్రేట్ చేయించుకుంటే, ఆ సర్టిఫికెట్ అదే లోతుకి తప్ప ఇంకో లోతుకి నిలబడదు.

ప్లాటినం ప్రోబ్ దగ్గరికి వస్తే మొత్తం కథ వేరే. లోపల సన్నటి ప్లాటినం తీగ చుట్టో, ఫిల్మ్‌గానో ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర దాని రెసిస్టెన్స్ 100 ఓములు, అందుకే పీటీ100 అంటాం. వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. సున్నా పైన ఐఈసీ 60751 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఇచ్చిన లెక్క ఇది, R0 అంటే సున్నా దగ్గరి రెసిస్టెన్స్:

```
R(t) = R0 × (1 + A·t + B·t²)
A = 3.9083e-3
B = -5.775e-7
```

40 డిగ్రీలకి వేస్తే 115.541 ఓములు. ఆ చుట్టుపక్కల ఒక డిగ్రీకి 0.386 ఓము మారుతుంది, 0.02 డిగ్రీకి 7.7 మిల్లీ ఓములు. 1 మిల్లీయాంపు కరెంటు పంపితే డిగ్రీకి 386 మైక్రోవోల్టులు, కె-టైప్ కంటే తొమ్మిదింతలు ఎక్కువ. కానీ సిగ్నల్ పెద్దది అనేది అసలు కారణం కాదు. అసలు కారణం ఏంటంటే ఈ 115.541 ఓములు ఎక్కడివి? పూర్తిగా బాత్‌లో మునిగి ఉన్న ప్లాటినానివి. రూము ఎంత ఉందో ఈ లెక్కలో ఎక్కడా రాదు, కోల్డ్ జంక్షన్ అనే మాటే లేదు. మీటర్ లోపల పోల్చుకోవడానికి ఒక స్థిరమైన రెసిస్టర్ ఉంటే చాలు, మంచి రెసిస్టర్‌ని రూము వేడికి కదలకుండా చేయడం అనేది టెర్మినల్ వేడిని వందో వంతు డిగ్రీకి తెలుసుకోవడం కంటే చాలా సులువు.

ప్లాటినమే ఎందుకంటే అది తుప్పు పట్టదు, చాలా శుద్ధంగా దొరుకుతుంది, వేడి చేసి చల్లార్చినా మళ్ళీ అదే రెసిస్టెన్స్‌కి తిరిగొస్తుంది. ఇది మొదట్లో అంత నమ్మకంగా ఏమీ లేదు. 1871లో సీమెన్స్ అనే ఇంజనీరు ప్లాటినంతో థర్మామీటర్ చేస్తే వాడేకొద్దీ రీడింగు జరిగిపోయింది, 1887లో కేంబ్రిడ్జ్‌లో కాలెండర్ అనే శాస్త్రవేత్త వచ్చి తీగ మీద బిగుతు లేకుండా, మురికి అంటకుండా చుడితే అది కదలదని చూపించినాడు. ఆ 'బిగుతు లేకుండా' అన్న మాట గుర్తు పెట్టుకో, కింద మళ్ళీ వస్తుంది.

ప్రపంచం మొత్తం ఒప్పుకున్న టెంపరేచర్ స్కేలు ఉంది కదా, దాని సంగతి చూస్తే నీకే తెలుస్తుంది. 1968 స్కేలులో 630.74 డిగ్రీల నుంచి బంగారం గడ్డకట్టే 1064.43 దాకా ప్లాటినం-రోడియం థర్మోకపుల్‌నే ప్రమాణంగా పెట్టినారు. 1990లో ఐటీఎస్-90 అనే కొత్త స్కేలు వచ్చినప్పుడు దాన్ని తీసేసి, వెండి గడ్డకట్టే 961.78 డిగ్రీల దాకా ప్లాటినం రెసిస్టెన్స్ థర్మామీటర్‌కే అప్పజెప్పినారు. మామూలు కె-టైప్ కాదు, అంత ఖరీదైన ప్లాటినం థర్మోకపుల్ కూడా మళ్ళీ మళ్ళీ కొలిస్తే దాదాపు 0.2 డిగ్రీ దగ్గర ఆగిపోయేది, అందుకే తీసేసినారు. ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ మన దేశానికి ఆ స్కేలుని కాపాడుతుంది, నీ ప్రోబ్ సర్టిఫికెట్ గొలుసు చివరికి అట్లాంటి చోటికే చేరాలి.

సరే, పీఆర్‌టీ కొనుక్కున్నావు. ఇక్కడే సగం మంది మళ్ళీ పాత గుంతలోనే పడతారు, కాబట్టి కొంచెం నిదానంగా చదువు.

మొదటిది వైర్లు. రెండు వైర్ల ప్రోబ్ పెట్టినావనుకో, మీటర్‌కి కనిపించేది ప్లాటినం రెసిస్టెన్స్ ఒక్కటే కాదు, పోయే రాగి వైరు వచ్చే రాగి వైరు కూడా కలుపుకొని. రెండూ కలిపి 1 ఓము ఉన్నా 2.6 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. అది ఒకసారి తీసేస్తే పోతుంది కదా అంటావు. పోదు, రాగి కూడా వేడికి డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. రూము 27 నుంచి 38కి పోతే ఆ 1 ఓము వైరు 0.043 ఓము పెరిగింది, అంటే 0.11 డిగ్రీ. పొద్దున ఒకటి మధ్యాహ్నం ఒకటి అన్న నీ రోగం ఇంకో దారిలో మళ్ళీ వచ్చేసింది చూడు. మూడు వైర్లలో ఇది చాలావరకు తగ్గుతుంది కానీ మూడూ సరిగ్గా సమానంగా ఉంటేనే. ల్యాబ్ పనికి నాలుగు వైర్లే తీసుకో. రెండు వైర్లలో కరెంటు పోతుంది, ఇంకో రెండు వైర్లతో ప్లాటినం కొసల దగ్గర వోల్టేజీ చూస్తాం, ఆ రెండిటిలో కరెంటు దాదాపు పోదు కాబట్టి వాటి రెసిస్టెన్స్‌తో పని లేదు. మామూలుగా రెండు ఎర్రవి రెండు తెల్లవి వస్తాయి, ఒక రంగు రెండూ ప్లాటినం ఒకే కొసకి. ప్రతి కొస నుంచి ఒకటి కరెంటుకి ఒకటి వోల్టేజీకి పెట్టాలి, అంటే కరెంటు జతలో ఒక ఎరుపు ఒక తెలుపు, వోల్టేజీ జతలో ఒక ఎరుపు ఒక తెలుపు. ఎర్రవి రెండూ ఒకే జతలో పెట్టేసి రీడింగు అర్థం లేకుండా వస్తుంది అని నాకు ఫోన్ చేసినవాళ్ళు చాలామంది.

ఇంకో మాట, పీఆర్‌టీ వైర్లలో కూడా జాయింట్ల దగ్గర ఆ చిల్లర మైక్రోవోల్టులు పుడతాయి, అవేం మాయమైపోవు. కానీ ఇక్కడ కరెంటు మన చేతిలో ఉంది. కరెంటుని ఒకసారి అటు, ఒకసారి ఇటు పంపి రెండు రీడింగుల సగటు తీసుకుంటే ఆ చిల్లర కొట్టుకుపోతుంది. థర్మోకపుల్‌లో ఈ సౌకర్యం లేదు, ఎందుకంటే అక్కడ సిగ్నలూ అదే జాతి, చెత్తా అదే జాతి. మంచి మల్టీమీటర్‌లో ఆఫ్‌సెట్ కాంపెన్సేషన్ అని ఉంటుంది, అది ఆన్ చేసి పెట్టు.

రెండోది సొంత వేడి. కరెంటు పంపితే ప్లాటినం తనంతట తానే కొంచెం వేడెక్కుతుంది. 1 మిల్లీయాంపు దగ్గర 115 ఓములకి 0.115 మిల్లీవాట్టు, బాగా తిరిగే బాత్‌లో ఇది డిగ్రీలో కొన్ని వెయ్యో వంతులు మాత్రమే. కానీ కొన్ని చవక ట్రాన్స్‌మిటర్లు 5 మిల్లీయాంపులు పంపుతాయి, అప్పుడు వేడి 25 రెట్లు, 0.02 డిగ్రీ లెక్క అక్కడే చెడిపోతుంది. కనుక్కోవడం సులువు, కరెంటు మార్చే మీటర్ ఉంటే 1 మిల్లీయాంపు దగ్గర ఒక రీడింగు, 1.414 దగ్గర ఇంకో రీడింగు తీసుకో. రెండో దాంట్లో పవర్ రెట్టింపు కాబట్టి, ఆ రెండు రీడింగుల తేడా ఎంతో, 1 మిల్లీయాంపు దగ్గర సొంత వేడి తప్పు అంతే. దాన్ని మొదటి రీడింగులోంచి తీసేస్తే సున్నా కరెంటు విలువ వచ్చేస్తుంది.

మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, ఐస్ పాయింట్. క్లాస్ ఏ ప్రోబ్ కొన్నాను కదా ఇంకేం కావాలి అనుకోవద్దు. క్లాస్ ఏ అంటే 40 డిగ్రీల దగ్గర ±0.23 డిగ్రీ, క్లాస్ బి అయితే ±0.5. నీకు కావాల్సిన 0.02కి ఇవేవీ దగ్గర కూడా లేవు. మరి ప్లాటినం గొప్పతనం ఎక్కడ అంటే, ఒక్కో ప్రోబ్ ఆర్ జీరో, అంటే సున్నా దగ్గరి రెసిస్టెన్స్, వేరే వేరే ఉండొచ్చు గానీ, ఒకే ప్రోబ్ తన సంఖ్య మీద నిలబడి ఉంటుంది. అందుకే మామూలు టేబుల్‌తో కాకుండా ఆ ప్రోబ్ సొంత సర్టిఫికెట్ సంఖ్యలు మీటర్‌లో ఎక్కించుకోవాలి, అప్పుడప్పుడూ ఐస్‌లో పెట్టి ఆ సంఖ్య కదిలిందా లేదా చూసుకోవాలి. థర్మోకపుల్‌కి ఇట్లాంటి తనిఖీ లేదు, సున్నా దగ్గర బాగున్నా 40 దగ్గర బాగుంటుందని చెప్పలేం. ప్లాటినానికి మాత్రం ఆర్ జీరో కదలకపోతే మిగతాది కూడా చాలావరకు కదల్లేదనే అర్థం.

ఐస్ ఎట్లా చేయాలంటే, డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ఐస్‌ని చిన్న చిన్న పలుకులుగా కొట్టి, మంచి థర్మాస్ ఫ్లాస్కులో నింపు. డిస్టిల్డ్ వాటర్‌నే ముందుగా చల్లబరిచి సందుల్లో పోయి, గట్టిగా తొక్కినట్టు సర్ది, పైకి తేలిన ఎక్కువ నీళ్ళు తీసెయ్. ఐస్ తెల్లగా కాకుండా కొంచెం అద్దంలాగా కనిపించాలి, తెల్లగా పొడిపొడిగా ఉంటే అది సున్నా కంటే చల్లగా ఉన్నట్టు. ప్రోబ్ కనీసం 15 నుంచి 20 సెంటీమీటర్లు మునగాలి, లేకపోతే పైన రూము వేడి స్టీలు గొట్టం గుండా కిందికి దిగి తప్పు రీడింగు ఇస్తుంది. ఇరవై నిమిషాలు ఆగి రీడింగు తీసుకో. ఇంకో రెండు సెంటీమీటర్లు లోతుకి దించి మళ్ళీ చూడు, మారకపోతే లోతు సరిపోయింది.

ఐస్ ఎక్కడ తెస్తావనేది చాలా ముఖ్యం, ఇది నేను అనుభవించి చెప్తున్నా. చాలా ఏళ్ళ కింద కర్నూలులో ఒక ల్యాబ్‌కి పనికి పోయినప్పుడు డిస్టిల్డ్ ఐస్ లేక బజారులో ఐస్ గడ్డ తెప్పించి, అక్కడి బోరు నీళ్ళే పోసి చేసినాను. ఆర్ జీరో పాత సంఖ్య కంటే 0.02 ఓము తక్కువ వచ్చింది, అంటే 0.05 డిగ్రీ. ప్రోబ్ చెడిపోయిందని పక్కన పెట్టించినా. తర్వాత నా దగ్గరికి తెచ్చి డిస్టిల్డ్ ఐస్‌లో చూస్తే ప్రోబ్ పాత సంఖ్య మీదే నిలబడి ఉంది. చెడింది ఐస్. మన సీమ బోరు నీళ్ళ ఉప్పు సంగతి తెలిసిందే కదా, లీటరుకి ఒక గ్రాము ఉప్పు ఉంటే చాలు గడ్డకట్టే టెంపరేచర్ దాదాపు 0.06 డిగ్రీ కిందికి పోతుంది. ఆ ల్యాబ్ వాళ్ళు మంచి ప్రోబ్‌ని నా మాట మీద మూడు వారాలు వాడలేదు, ఇప్పటికీ బాధే. అప్పటి నుంచి నా బండిలో డిస్టిల్డ్ ఐస్ డబ్బా లేకుండా బయటికి పోను.

ఒక నిజం కేసు లెక్క చూపిస్తా, నీ పనికి సరిగ్గా సరిపోతుంది. ఒక ప్రోబ్ ఆర్ జీరో సర్టిఫికెట్‌లో 100.021 ఓములు. ఎవరో టేబుల్ మీంచి కింద పడేసినారు, చెప్పలేదు. తర్వాత ఐస్‌లో చూస్తే 100.058. అంటే 0.037 ఓము పెరిగింది. పడినప్పుడు లోపలి తీగ మీద బిగుతు పడింది, పైన చెప్పినా కదా కాలెండర్ మాట, అదే. ఇది తెలీకుండా 40 దగ్గర వాడితే ఏమవుతుంది? ప్రోబ్ అసలు రెసిస్టెన్స్ 115.608 ఓములు, మీటర్ మాత్రం పాత ఆర్ జీరోతో లెక్క వేసి 40కి 115.565 రావాలి అనుకుంటుంది. ఆ 0.043 ఓము తేడా 0.11 డిగ్రీ. డిస్‌ప్లేలో 40.11 కనిపిస్తుంది, నువ్వు బాత్‌ని తగ్గించి 40.00కి తెస్తావు, నిజానికి బాత్ 39.89 దగ్గర కూర్చుంటుంది. వీజీ 68 లాంటి ఆయిల్‌కి 40 దగ్గర విస్కాసిటీ డిగ్రీకి దాదాపు 5 శాతం మారుతుంది, కాబట్టి నీ రిజల్టు అర శాతం ఎక్కువ వస్తుంది, ప్రతి శాంపిల్‌కీ, ఎవరికీ అనుమానం రాకుండా. దాన్ని పట్టుకున్నది ఇరవై నిమిషాల ఐస్ పనే. కొత్త ఆర్ జీరో మీటర్‌లో ఎక్కించి, రెండు వారాలు వరసగా చూసినాం, 100.058 మీదే నిలబడింది, మళ్ళీ క్యాలిబ్రేషన్‌కి పంపి వాడుకున్నాం.

ఆర్ జీరో పెరగకుండా తగ్గితే అది వేరే రోగం. గొట్టం లోపల తీగ చుట్టూ నింపిన పౌడర్‌లో తేమ చేరి ప్లాటినానికి పక్కదారి ఏర్పడుతుంది. 100 ఓములకి పక్కన 1 మెగా ఓము దారి తెరుచుకున్నా 0.01 ఓము తగ్గుతుంది, 100 కిలో ఓములైతే 0.1 ఓము, అంటే పావు డిగ్రీ. ప్రోబ్ వైర్లన్నీ కలిపి, వాటికీ బయటి స్టీలు గొట్టానికీ మధ్య 100 వోల్టుల దగ్గర ఇన్సులేషన్ చూడు, 100 మెగా ఓములకి పైన ఉండాలి. 500 వోల్టుల మెగ్గర్ మాత్రం పెట్టొద్దు. ఐస్‌లోంచి తీసినాక హ్యాండిల్ వైపు తల కిందికి వంచకుండా ఆరబెట్టుకుంటే ఈ బాధ చాలావరకు రాదు.

ఇంత చెప్పినా అని థర్మోకపుల్‌ని చెత్తబుట్టలో వెయ్యొద్దు. ఎర్రగుంట్ల సిమెంటు కిల్న్‌లో వెయ్యి డిగ్రీల పైన, అదురుడూ దుమ్మూ ఉన్నచోట పీటీ100 పెడితే నిలబడదు, మామూలు ప్రోబ్‌లకి 500, 600 దాటితే స్టీలు గొట్టంలోంచి వచ్చే మెటల్ ఆవిరి ప్లాటినాన్ని చెడగొడుతుంది. ఒక చిన్న చిప్పు వేడి, క్షణంలో మారిపోయే వేడి కొలవాలన్నా సన్న థర్మోకపులే మేలు, పీఆర్‌టీ నిదానం. ఆ చోట్ల ఒకటి రెండు డిగ్రీల తప్పు ఎవరికీ అడ్డం రాదు. నీకున్న కె-టైప్‌ని బాత్ ఓవర్ హీట్ కటాఫ్‌కి పెట్టుకో, 45 దాటితే హీటర్ ఆఫ్ చెయ్యడానికి అది నిక్షేపంగా సరిపోతుంది.

కొనేటప్పుడు షాపులో ఇట్లా చెప్పు: తీగ చుట్టిన పీటీ100, నాలుగు వైర్లు, 6 మిల్లీమీటర్ల స్టీలు గొట్టం, పొడుగు 30 సెంటీమీటర్లు, 0, 40, 100 డిగ్రీల దగ్గర ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ సర్టిఫికెట్, అందులో ఆర్ జీరో, ఏ, బీ సంఖ్యలు ఉండాలి. మీటర్‌లో ఆ సంఖ్యలు ఎక్కించే వీలు ఉందా అని ముందే అడుగు, లేకపోతే ప్రోబ్ ఎంత మంచిదైనా మీటర్ మామూలు టేబుల్‌తోనే లెక్కేసి పాడు చేస్తుంది. ప్రోబ్ వచ్చిన రోజే, బాత్‌లో పెట్టకముందే, ఐస్‌లో పెట్టి ఆర్ జీరో చూసి తేదీతో సహా రిజిస్టర్‌లో మొదటి లైన్‌గా రాసుకో. తర్వాత ఒక రోజు పొద్దున ఏసీలో, మధ్యాహ్నం ఏసీ ఆపి, అదే ఐస్ రీడింగు రెండుసార్లు తియ్యి. ఆ రెండు సంఖ్యలూ 2, 3 మిల్లీ ఓముల లోపల కలిస్తే నీ ప్రోబూ, వైరింగూ, మీటరూ మూడూ బాగున్నట్టే. కలవకపోతే ముందు టెర్మినల్స్ బిగించి చూడు, అప్పటికీ తేడా ఉంటే ఆ రెండు సంఖ్యలూ, మీటర్ పంపే కరెంటు ఎంతో రాయి, ఎక్కడ పోతా ఉందో చూసి చెప్తా.